పెద్ద ఓవెన్ కావాలని ఫోన్ చేసిన యజమాని అసలు ఇబ్బందిని మొదటి కాల్‌లో తెలుసుకోవడం ఎలా?

ప్రశ్న: నేను బరంపురం నుంచి జీడిపప్పు ఫ్యాక్టరీలకు ఆరబెట్టే ఓవెన్లు అమ్ముతున్నాను. మొదటి కాల్‌లో ఓపెన్ క్వశ్చన్లు అడగమని ట్రైనింగ్‌లో చెప్పారు. కానీ "మీ సమస్యలు ఏమిటండీ" అని అడిగితే గంజాం, గజపతి జిల్లాల యజమానులు "ఏమీ లేవు, రేటు చెప్పండి" అంటున్నారు. రేటు చెప్పాక మళ్లీ ఫోన్ ఎత్తడం లేదు. ఈ కాల్‌ని ఏ క్రమంలో నడపాలి, ఏం అడగాలి?

జవాబు:

యజమాని మీకు ఫోన్ చేసే సరికే తన ఇబ్బంది గురించి ఆలోచించి, దానికి మందు కూడా తానే నిర్ణయించుకుని ఉంటాడు. "పెద్ద ఓవెన్ కావాలి" అన్నది ఆయన చేరుకున్న ముగింపు. ఆ ముగింపుకు ముందు ఫ్యాక్టరీలో ఏదో జరిగింది, దానికి కారణం ఫలానాదని ఆయన అనుకున్నాడు, ఆ కారణానికి ఓవెన్ మందు అని తేల్చుకున్నాడు. మొదటి కాల్‌లో మీ పని ఆయనను ఆ దారిలో వెనక్కి నడిపించి, మొదట ఏం జరిగిందో ఆయన నోటితోనే చెప్పించడం. "మీ సమస్యలు ఏమిటి" అన్న ప్రశ్న ఆ పని చేయలేదు, ఎందుకంటే అది జరిగినదాన్ని అడగడం లేదు. ఆయన లోపాలను ఒప్పుకోమంటోంది. పరిచయమై రెండు నిమిషాలు కాని మనిషి దగ్గర తన ఫ్యాక్టరీలో లోపాలున్నాయని ఏ యజమానీ ఒప్పుకోడు.

ఓపెన్ క్వశ్చన్ల మీద మీకు కలిగిన నమ్మకాన్ని కూడా కొంచెం సవరించవలసి ఉంది. నీల్ రాక్‌హామ్ అనే పరిశోధకుడి బృందం 12 ఏళ్ల పాటు సుమారు 35,000 అమ్మకపు సంభాషణలను పరిశీలించి, 1988లో ఆ ఫలితాలను ప్రచురించింది. ప్రశ్న ఓపెన్‌గా ఉందా, అవును-కాదులతో ముగిసేదిగా ఉందా అన్నదానికీ పెద్ద అమ్మకాల్లో విజయానికీ కొలవదగిన సంబంధం వారికి కనబడలేదు. ప్రశ్న దేని గురించి అన్నదే లెక్కకు వచ్చింది. ఇబ్బంది గురించీ, ఆ ఇబ్బంది వల్ల ఇంకా ఏమేమి దెబ్బతింటున్నాయన్నదాని గురించీ అడిగినవారు ముందంజలో ఉన్నారు. నా ఇరవై ఏళ్ల అనుభవం కూడా ఇదే చెబుతోంది. "ఎప్పటి నుంచి?" అన్నది ఒక్క ముక్కలో జవాబు చెప్పదగిన ప్రశ్న. అయినా నేను అడిగిన ప్రశ్నలన్నిటిలోనూ ఎక్కువ సంగతులు బయటపెట్టింది అదే.

ఎలాగో ఒక కాల్ ద్వారా చూపిస్తాను. పర్లాకిమిడికీ కాశీబుగ్గకూ మధ్య ఒక ఫ్యాక్టరీ యజమాని కొన్నేళ్ల క్రితం నాకు ఫోన్ చేశారు. ఒడిశా వైపు నుంచి పిక్క కొంటారు, ఆంధ్ర వైపు వ్యాపారులకు పప్పు అమ్ముతారు, ఇంట్లో తెలుగు, పనివాళ్లతో ఒడియా. ఆయన మొదటి మాట ఇది: "నా ఓవెన్ చిన్నదైపోయింది. దీనికి రెండింతలది కావాలి. ఎంతవుతుంది?"

ఈ చోట ధరను దాచకండి. దాచినవాణ్ణి మా ప్రాంతంలో ఎవరూ నమ్మరు, "ముందు మీ అవసరాలు అర్థం చేసుకుంటానండీ" అన్న మాట వారి చెవికి తప్పించుకోవడంగానే వినిపిస్తుంది. కింది ధర, పై ధర రెండూ చెప్పి, నేను ఇలా అన్నాను: "ఈ రెండిటి మధ్య ఎక్కడ పడుతుందో మీ పని తెలిస్తేనే చెప్పగలను. ఒక అరగంట మాట్లాడుకుందాం. అది అయ్యాక, మీకు నిజంగా కొత్త ఓవెన్ అక్కరలేదనిపిస్తే ఆ మాట కూడా చెబుతాను. ఇప్పుడు తీరికేనా, సాయంత్రం చేయమంటారా?" ఆయన సాయంత్రం ఏడుకు చేయమన్నారు. కాల్ మొదట్లో తేల్చుకోవలసినవి ఈ మూడే: ధర అంచనా, మాట్లాడే సమయం, చివరకు ఏం తేలుతుందన్న సంగతి. దీనికి రెండు నిమిషాలకు మించి అక్కరలేదు.

సాయంత్రం నా మొదటి ప్రశ్న ఓవెన్ గురించి కాదు. "మొన్న ఆఖరున ఆరబెట్టిన లాటు తీసుకోండి. పిక్క ఉడికిన దగ్గర నుంచి పప్పు టిన్నులోకి వెళ్లేదాకా ఏ పని ఏ వేళకు జరిగిందో వరుసగా చెబుతారా?" అని అడిగాను. "మీ దగ్గర పని ఎలా జరుగుతుంది" అని అడిగి ఉంటే ఆయన పద్ధతి ప్రకారం జరగవలసినది చెప్పేవారు. ఒక ప్రత్యేకమైన లాటును అడిగితే జరిగినదే చెప్పాలి, అందులో వేళలు వస్తాయి, మనుషులు వస్తారు. ఈ ఒక్క ప్రశ్నకు పది నిమిషాలు ఇవ్వండి. మధ్యలో "ఆ తర్వాత?" అన్న మాట తప్ప మీరేమీ అనవద్దు. ఆయన తప్పు చెప్పినట్టు అనిపించినా, మీ మెషీన్ గొప్పదనం చెప్పడానికి సందు దొరికినా ఆగండి. ఆ పది నిమిషాల్లో మీరు మెషీన్ పేరు ఎత్తితే కథ అక్కడితో తెగిపోయి, తిరిగి బేరం మొదలవుతుంది.

ఆయన చెప్పినది ఇది. రోజుకు 25 బస్తాల పిక్క, బస్తా 80 కిలోలు. ఉడికించి, ఆరనిచ్చి, పగటిపూట కోత. సాయంత్రం పొట్టుతో ఉన్న పప్పు ఓవెన్‌లోకి వెళుతుంది, సుమారు 70 డిగ్రీల వేడిలో ఆరేడు గంటలు ఉంటుంది. తెల్లవారుజామున ట్రేలు దించుతారు. పొద్దున పొట్టు తీసే ఆడవాళ్లు వస్తారు. ఆ పైన గ్రేడింగు, ప్యాకింగు. చెబుతూ చెబుతూ ఆయన మధ్యలో ఒక మాట అన్నారు: "మూల ట్రేల్లో పప్పు ఎర్రబడుతోంది, ఈ మధ్య ముక్క కూడా ఎక్కువ పోతోంది. అందుకే ఓవెన్ చాలడం లేదంటున్నాను."

ఇక్కడ జాగ్రత్తగా వినాలి. ఓవెన్ చిన్నదైతే సరుకు మిగిలిపోవాలి, రాత్రికి ఆరవలసిన పప్పు మర్నాటికి వాయిదా పడాలి. ఆయన చెప్పిన కథలో ఎక్కడా సరుకు మిగలలేదు. ఉన్నవి ఎరుపు, ముక్క. అంటే ఆయన మందు ఒకటి, జబ్బు వేరొకటి. నేను ఆ తేడాను ఎత్తి చూపలేదు. "ముక్క ఎక్కువ పోతోందన్నారు, దాని గురించి ఇంకొంచెం చెప్పండి" అని మాత్రం అన్నాను. ఆయన వాడిన మాటనే తిరిగి ఆయనకు అందించడం అన్నమాట. ముక్క అన్న చోట మీరు "బ్రేకేజ్ పర్సెంటేజ్" అంటే, ఆయన తన ఫ్యాక్టరీని వదిలి మీ కరపత్రంలోకి వచ్చేస్తాడు.

"లోగడ నూటికి 15 ముక్క పోయేది, ఇప్పుడు 23 పోతోంది" అన్నారు. అప్పుడు అడిగాను: "ఎప్పటి నుంచి?" కొంచెంసేపు ఆలోచించి, కార్తీకమాసం తర్వాత నుంచి అన్నారు. "ఆ రోజుల్లో ఫ్యాక్టరీలో ఏమేమి మారాయి?" అని అడిగాను. కొత్త పిక్క రాలేదు, కరెంటులో తేడా లేదు, మెషీన్లు అవే. తర్వాత కొంతసేపు నిశ్శబ్దం. ఆ నిశ్శబ్దాన్ని నేను పూరించలేదు. ఫోన్‌లో ఐదు సెకన్ల మౌనం చాలా పొడుగ్గా అనిపిస్తుంది, అమ్మేవాడికి నోరు దురద పెడుతుంది, కానీ అవతలి మనిషి అప్పుడే నిజంగా వెతుకుతున్నాడు. ఫోన్ పక్కకు పెట్టి ఆయన ఎవరితోనో ఒడియాలో మాట్లాడారు, ఓవెన్ దగ్గర పాత ముసలాయన ఎప్పుడు మానేశాడో అడుగుతున్నారు. తిరిగి వచ్చి అన్నారు: "ఓవెన్ చూసే పెద్దాయన కార్తీకంలో మానేశాడండీ. ఆయన పప్పు దించాక గదిలో పరిచి, చుట్టూ తడి గోనెలు వేలాడదీసి, ఒక రాత్రి ఉంచి మర్నాడు పొట్టుకు ఇచ్చేవాడు. ఇప్పటి కుర్రాడు దించిన పూటే ఇచ్చేస్తున్నాడు."

ఈ పని తెలిసినవారికి ఇక్కడ విషయం అర్థమైపోతుంది. ఓవెన్ నుంచి దించిన పప్పులో తేమ మూడు శాతం దాకా పడిపోయి, పెళుసుగా ఉంటుంది. వెంటనే పొట్టు తీస్తే గుండు కాస్తా బద్దగానో ముక్కగానో అవుతుంది. కొంత తేమ పీల్చుకోనిస్తే మెత్తబడి, పొట్టు వదులుతుంది, పప్పు నిలుస్తుంది. మరీ తేమ పట్టినా బూజు భయం ఉంది, ప్యాకింగుకు ముందు మళ్లీ ఐదు శాతం లోపుకు తేవాలి. ముసలాయన గోనెలతో చేసింది ఈ పనే. ఆయనతోపాటు ఆ పద్ధతి కూడా వెళ్లిపోయింది, ఎందుకంటే అది ఎవరూ రాసిపెట్టలేదు, యజమానికి కూడా అదొక పెద్దవాడి అలవాటుగానే కనబడింది. రెండింతల ఓవెన్ కొని ఉంటే ముక్క అంతే పోయేది. మూడు నెలల తర్వాత ఆయన ఫోన్ చేసి నన్ను తిట్టేవారు, అందులో తప్పు కూడా ఉండేది కాదు.

అయినా ఆ క్షణంలో నేను ఇదంతా చెప్పలేదు. కాల్‌లో వచ్చే పెద్ద ఆకర్షణ ఇదే, కారణం తెలియగానే పండితుడిలా ప్రకటించాలనిపిస్తుంది. రెండు కారణాల వల్ల ఆగాలి. మొదటిది, ఫోన్‌లో తెలిసింది అనుమానమే, చూడనిదే రుజువు కాదు. మూల ట్రేలు ఎర్రబడడం వేడి సమంగా లేకపోవడం వల్ల, అది వేరే సంగతి, రెండూ కలిసే ముక్కను పెంచుతుండవచ్చు. రెండోది, ఈ ముక్క ఆయనకు ఎంత బరువో ఇంకా తెలియదు. బరువు తెలియని ఇబ్బందికి ఎవరూ డబ్బు ఖర్చుపెట్టరు, మీరు చెప్పిన బరువును నమ్మరు కూడా. ఆయనే లెక్క కట్టాలి.

అందుకే అడిగాను: "ఆ ఎనిమిది శాతం తేడా మీకు నెలకు ఏ మేరకు పడుతోంది?" ఆయన బస్తాకు సుమారు 20 కిలోల పప్పు వస్తుందన్నారు. 25 బస్తాలకు 500 కిలోలు. అందులో ఎనిమిది శాతం 40 కిలోలు. గుండుకూ ముక్కకూ ఆ సీజనులో ఆయనకు కిలోకు 150 రూపాయల తేడా వస్తోంది. రోజుకు 6,000. నెలకు 25 పనిదినాలు. "లక్షా యాభై వేలు" అన్నది ఆయన నోటితో వచ్చిన మాట, అన్నాక ఆయనే కొంచెంసేపు మాట్లాడలేదు. నేను గుణించి చెప్పి ఉంటే "మీ లెక్కలు మీవి" అనేవారు. ధర, శాతం, రోజులు అన్నీ ఆయనవే కాబట్టి ఆ మొత్తం మీద మళ్లీ బేరం రాలేదు. దాని తర్వాత ఇంకొక్క ప్రశ్న: "ఇంత ముక్క పోవడం వల్ల ఇంకా ఎక్కడెక్కడ ఇబ్బంది వస్తోంది?" గుండు తక్కువ పడి ఒక పాత వ్యాపారికి చెప్పిన తేదీకి టిన్నులు ఇవ్వలేకపోయామన్నారు. నిజానికి ఆయనను ఫోన్ చేయించింది ఆ పరువు తక్కువ సంగతే. డబ్బు నష్టం నెలల తరబడి ఓర్చుకున్నారు, మాట పోవడం ఓర్చుకోలేకపోయారు. ఆ సంగతి ఇరవై ఐదో నిమిషంలో గాని రాలేదు.

ఇప్పుడు మన భాషలో ఈ ప్రశ్నలు అడగడంలో ఉన్న రెండు చిక్కుల గురించి వివరంగా చెప్పాలి, ఇంగ్లీషు ట్రైనింగుల్లో వీటిని ఎవరూ చెప్పరు.

మొదటిది "ఎందుకు". తెలుగులో "ఎందుకు అలా చేస్తున్నారు?" అంటే తెలుసుకోవాలన్న ధ్వని కన్నా నిలదీసే ధ్వనే ఎక్కువ. బడిలో మాస్టారూ ఇంట్లో నాన్నా అడిగే తీరది. "దించిన పూటే పొట్టుకు ఎందుకు ఇస్తున్నారు?" అని నేను అడిగి ఉంటే ఆయన కుర్రాడి తరఫున వాదించడం మొదలుపెట్టేవారు, ఆ వాదనలో నిజం కప్పబడిపోయేది. "ఎందుకు" అనవలసిన ప్రతిచోటా "ఎలా వచ్చింది", "ఏం చూసి అలా అనుకున్నారు", "అంతకు ముందు ఎలా ఉండేది" అని అడగండి. జవాబు అదే వస్తుంది, అవతలి మనిషి మాత్రం తలుపు వేసుకోడు.

రెండోది ప్రశ్న చివర వచ్చే "కదా". "మీకు కరెంటు బిల్లు ఎక్కువ వస్తోంది కదండీ?" అన్నది చూడడానికి ప్రశ్న, చేసే పని తోయడం. దానికి మర్యాద కోసం "అవునండీ" అంటారు, మీరు దాన్ని ఇబ్బందిగా రాసుకుంటారు, కొటేషన్ పంపాక ఫోన్ ఎత్తరు. ఒడియా మాట్లాడే యజమానులతో ఇది ఇంకా జాగ్రత్తగా చూడాలి. వారు "ఆజ్ఞా" అన్నప్పుడల్లా ఒప్పుకున్నట్టు కాదు, వింటున్నానని, గౌరవిస్తున్నానని కూడా దానికి అర్థం. నేను కొత్తలో ఆరు "ఆజ్ఞా"లు లెక్కపెట్టుకుని ఆర్డరు వచ్చేసినట్టే అనుకున్న రోజులున్నాయి. మీ కాల్ రికార్డు చేసుకునే అనుమతి యజమాని ఇస్తే, ఒక్కసారి తిరిగి విని, "కదా"తో ముగిసిన ప్రశ్నలు ఎన్ని ఉన్నాయో చూడండి. వాటికి వచ్చిన జవాబులన్నిటినీ కొట్టేసి, మిగిలినవాటిలో మీకు ఏం తెలిసిందో చూడండి.

కాల్ సరైన దారిలో ఉందని తెలిసే గుర్తులు కొన్ని ఉన్నాయి. యజమాని అడగకుండానే అంకెలు చెప్పడం, మనుషుల పేర్లు ఎత్తడం, "ఆగండి, గుమస్తాను అడిగి చెబుతాను" అనడం మంచి గుర్తులు. జవాబులు ఒకే పొడుగులో, ఒకే వేగంతో వస్తుంటే ఆయన ఇంతకు ముందు ముగ్గురు అమ్మకందారులకు చెప్పినదే మీకూ చెబుతున్నాడని గ్రహించండి. అప్పుడు మళ్లీ ఒక ప్రత్యేకమైన రోజుకు, ఒక లాటుకు తీసుకురండి. ఇక "ఇది ఇలాగే వదిలేస్తే వచ్చే సీజనుకు ఏమవుతుంది?" అని అడిగినప్పుడు ఆయన నిజాయితీగా "ఏమీ కాదండీ, నడిచిపోతుంది" అంటే అక్కడ అమ్మకం లేదు. ధన్యవాదాలు చెప్పి, పిక్క కొనుగోళ్లు ముగిసే జూన్ తర్వాత మాట్లాడతానని చెప్పి పెట్టేయండి. అటువంటి చోట కొటేషన్ పంపడం వల్లనే మీ ఫోన్లు ఎత్తనివారి జాబితా పెరుగుతోంది.

నిర్ణయం ఎవరిదన్న సంగతి కూడా మొదటి కాల్‌లోనే తెలియాలి, కానీ "నిర్ణయం మీదేనా అండీ?" అని అడగకండి. కొడుకు ఫోన్‌లో ఉంటే అది ఆయనను తక్కువ చేయడం, పెద్దాయనే ఉంటే అనవసరమైన ప్రశ్న. "ఇప్పుడున్న ఓవెన్ కొన్నప్పుడు మొదటి మాట నుంచి డబ్బు కట్టేదాకా ఎలా జరిగింది?" అని అడగండి. ఆ యజమాని చెప్పిన కథలో ఆయన తమ్ముడు, బ్యాంకు మేనేజరు, కోత మెషీన్లు బాగుచేసే మేస్త్రీ ముగ్గురూ వచ్చారు. ఆ మేస్త్రీ సరేననకుండా ఆ ఇంట్లో ఏ మెషీనూ దిగదని అప్పుడు తెలిసింది. నేను ఫ్యాక్టరీకి వెళ్లే రోజు ఆ మేస్త్రీని కూడా ఉండమని చెప్పించాను.

చివరి మూడు నిమిషాలు నేను విన్నదాన్ని ఆయన మాటల్లోనే తిరిగి చెప్పి, ఒక చిన్న పరీక్ష అడిగాను. ఒకే రాత్రి ఆరిన పప్పులో నడిమి ట్రేలు నాలుగు తీసి, రెండు వెంటనే పొట్టుకు ఇవ్వాలి, రెండు పాత పద్ధతిలో ఒక రాత్రి ఉంచి ఇవ్వాలి. పొట్టు తీసే మనిషి ఒకరే అయి ఉండాలి. రెండు వైపులా ముక్క తూచి చెప్పాలి. మూల ట్రేలను కలపవద్దన్నాను, కలిపితే ఎరుపు వల్ల పోయినదీ పెళుసు వల్ల పోయినదీ విడదీయలేము. వారం తర్వాత నేను వెళ్లే సరికి ఆయన దగ్గర తూకాలు కాగితం మీద ఉన్నాయి, ఉంచిన ట్రేల్లో ముక్క పాత 15కు దగ్గరగా వచ్చింది. ఆయన కొన్నది పెద్ద ఓవెన్ కాదు. పప్పును తేమలో ఉంచడానికి ఒక చిన్న గది ఏర్పాటు, పాత ఓవెన్‌లో గాలి సమంగా తిరగడానికి ఫ్యాను మార్పు. నాకు వచ్చిన కమీషను మొదట ఆశించినదానిలో నాలుగో వంతు కూడా లేదు. రెండేళ్ల తర్వాత బస్తాలు 40కి పెరిగినప్పుడు ఆయన నిజంగా పెద్ద ఓవెన్ కొన్నారు, వేరెవరి ధరా అడగలేదు.

కాల్ అయిన గంటలోపు మీరు పంపవలసిన వాట్సాప్ సందేశం కొటేషన్ కాదు. నేను ఆయనకు పంపినది దాదాపు ఇలా ఉంది: "నమస్కారం. మీరు చెప్పినది నాకు అర్థమైన మేరకు: కార్తీకం తర్వాత ముక్క 15 నుంచి 23కు పెరిగింది. నెలకు లక్షన్నర దాకా తేడా పడుతోంది, ఒక పాత వ్యాపారికి టిన్నులు వేళకు అందలేదు. ఓవెన్ చూసే మనిషి మారడం ఒక కారణం కావచ్చు, మూల ట్రేల వేడి ఇంకొకటి కావచ్చు. నాలుగు ట్రేల పరీక్ష అయ్యాక శుక్రవారం వస్తాను. ఇందులో ఏదైనా తప్పుంటే దిద్దండి." అరగంటకు జవాబు వచ్చింది: "లక్షన్నర కాదు, పండగ నెలల్లో ఇంకా ఎక్కువ. శుక్రవారం మేస్త్రీ ఉండడు, శనివారం రండి."